అయస్కాంత ట్రేల ప్రాజెక్టు డైరీ: వస్తువుల వర్గీకరణ నుంచి పేపర్ క్లిప్పుల పందెం వరకు

సన్నాహం

రెండవ తరగతి పిల్లలు 24 మంది ఉన్నారు. ఈ డైరీలో కింద మొదటి తరగతి, రెండవ తరగతి అని వరుసగా రాసినవి వీరితో జరిపిన పాఠాల సంఖ్యలు. నలుగురికి ఒకటి చొప్పున ఆరు ట్రేలు సిద్ధం చేయాలి. ప్రతి ట్రేలో ఒక అయస్కాంతం, పరీక్షించడానికి పన్నెండు వస్తువులు ఉంటాయి. ఏది అయస్కాంతానికి అంటుకుంటుందో, ఏది అంటుకోదో పిల్లలు తామే తేల్చుకోవాలి. ఆ తరువాత అట్ట కింద అయస్కాంతాన్ని కదుపుతూ అట్ట మీద పేపర్ క్లిప్పును పరుగెత్తించే పందెం ఉంటుంది.

అన్నిటికన్నా ముందు అయస్కాంతాలను ఎంచుకున్నాను. చిన్నగా, వెండిలా మెరిసే నియోడిమియం గుళికలను ఈ వయసు పిల్లల చేతికి ఇవ్వకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. పొరపాటున రెండు గుళికలను మింగితే అవి పేగుల గోడలకు అటూ ఇటూ నిలిచి ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రంధ్రం పడుతుంది, శస్త్రచికిత్స దాకా వెళ్లవలసి వస్తుంది. అందువల్ల రెండు రకాలే తీసుకున్నాను. ఒకటి, సగం ఎరుపు సగం నీలం రంగు వేసిన పాత దండాయస్కాంతాలు ఆరు. వీటి పొడవు 8 సెంటీమీటర్లు. రెండవది, 3.5 సెంటీమీటర్ల వెడల్పున్న నల్లటి ఫెర్రైట్ బిళ్లలు ఆరు. వీటిలో ప్రతిదాన్నీ ఒక చెక్క పిడికి గట్టిగా అంటించాను కనుక పిడితో సహా నోట్లో పెట్టుకునే వీలు లేదు. అంచు పెచ్చులూడిన బిళ్ల ఒకటి కనబడితే దాన్ని పక్కన పెట్టి మరొకటి తెచ్చాను, ఎందుకంటే ఫెర్రైట్ పింగాణీలా పెళుసుగా ఉంటుంది, విరిగిన చోట అంచు వేలికి కోసుకుంటుంది. పెట్టె మూత లోపల 12 అని పెద్దగా రాశాను. తరగతి మొదలయ్యేటప్పుడు ఒకసారి, ముగిసేటప్పుడు ఒకసారి పిల్లలతోనే గట్టిగా లెక్కపెట్టిస్తాను.

వస్తువులు ఇవి: ఇనుప మేకు, పేపర్ క్లిప్పు, పిన్నీసు, ఇత్తడి తాళంచెవి, రాగి తీగ ముక్క, అల్యూమినియం రేకు ఉండ, ప్లాస్టిక్ బొత్తాం, రబ్బరు, చెక్క ముక్క, గులకరాయి, రంగు వేసిన ఇనుప మూత, పెన్సిల్ షార్పెనర్. లోహాలు సగానికి పైగా ఉండేలా కావాలనే చూశాను. అంటుకోని వస్తువులుగా లోహం కానివాటినే పోగేస్తే పిల్లలు “లోహమైతే అంటుకుంటుంది” అన్న నిర్ణయానికి సులువుగా వచ్చేస్తారు, దాన్ని కాదనడానికి వారి చేతిలో ఒక్క వస్తువూ ఉండదు. ఇత్తడి, రాగి, అల్యూమినియం ట్రేలో ఉన్నప్పుడే ఆ నిర్ణయం వారి కళ్ల ముందు నిలవకుండా పోతుంది.

మొదటి తరగతి

ట్రేల విషయంలో పొరపాటు చేశాను. గట్టిగా ఉంటాయి, తుడుచుకోవడం తేలిక అన్న ఆలోచనతో స్టీలు ట్రేలు పెట్టాను. పిల్లలు అయస్కాంతం చేతిలోకి తీసుకోగానే మొదట అంటుకున్నది మేకో క్లిప్పో కాదు, ట్రే! ఒక పాప దండాయస్కాంతాన్ని రాగి తీగ మీద పెట్టి, “టీచర్, రాగి అంటుకుంది!” అని పిలిచింది. దగ్గరికి వెళ్లి చూశాను. అయస్కాంతం తీగను పట్టుకోలేదు, తీగ కింద ఉన్న ట్రేను పట్టుకుని తీగను మధ్యలో బిగించింది. పాప చూసినది నిజమే, ఆ చూపును తప్పుదారి పట్టించినది నేను పెట్టిన ట్రే.

మరో గుంపులో అలాంటి ఇబ్బందే రాలేదు. వారి ట్రే కూడా స్టీలుదే, మెరుపూ బరువూ ఒకేలా ఉన్నాయి. తరగతి అయ్యాక ఆరింటినీ అయస్కాంతంతో పరీక్షిస్తే నాలుగు అంటుకున్నాయి, రెండు అంటుకోలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు ఒకటే పదార్థం కాదు. నికెల్ తగినంత కలిసి లోపలి పరమాణువుల అమరిక మారిన రకాలను అయస్కాంతం దాదాపు పట్టించుకోదు, క్రోమియం మాత్రమే ప్రధానంగా కలిసిన రకాలను గట్టిగానే పట్టుకుంటుంది. కంటితో చూసి తేడా చెప్పడం సాధ్యం కాదు. ఆరింటినీ తీసేసి, లోతు తక్కువగా ఉన్న అట్ట పెట్టెల మూతలను ట్రేలుగా మార్చాను. ప్లాస్టిక్ ట్రేలు కూడా సరిపోతాయి. ట్రే ఏదైనా సరే, వస్తువులు సర్దడానికి ముందు ఖాళీ ట్రే మీద నాలుగు మూలలా, మధ్యలో అయస్కాంతం ఆనించి చూడడం ఇప్పటి నుంచి నా మొదటి పని. కింద ఉన్న బల్ల ఇనుపదైతే అది కూడా పల్చటి అట్ట గుండా లాగుతుంది కనుక బల్లను కూడా చూడాలి.

రెండవ తరగతి

అట్ట ట్రేలతో అంతా నిలకడగా సాగింది. ఈసారి ఒక నియమం పెట్టాను: అయస్కాంతం ముట్టుకునే ముందు పన్నెండు వస్తువులనూ “అంటుకుంటుంది”, “అంటుకోదు” అని రాసిన రెండు కాగితాల మీద ఊహించి పెట్టాలి. అంతకుముందు ఊహలను పుస్తకంలో రాయమన్నాను. ఫలితం వేరుగా రాగానే చాలామంది ముందు రాసినది చెరిపేసి సరైన జవాబు రాసుకున్నారు, దానితో ఊహ ఏమిటో నాకు తెలియకుండా పోయింది. ఇప్పుడు ఊహ తప్పిన వస్తువును రెండవ కాగితం మీదికి మార్చినప్పుడు, అది మొదట ఉన్న చోట ఒక చిన్న పసుపు చీటీ పెట్టాలి. తరగతి చివర పసుపు చీటీలు ఎక్కడున్నాయో చూస్తే చాలు, పిల్లలు ఏమనుకుని మొదలుపెట్టారో తెలుస్తుంది. ఆరు ట్రేలలోనూ తాళంచెవి, రాగి తీగ, అల్యూమినియం ఉండ ఉన్న చోట చీటీలు పడ్డాయి. మెరిసేదల్లా అంటుకుంటుందని వారు అనుకున్నారు.

ఇనుప మూత దగ్గర కూడా రెండు ట్రేలలో చీటీ పడింది. దానికి ఎర్ర రంగు వేసి ఉంది కనుక ప్లాస్టిక్ అనుకున్నామని చెప్పారు. రంగు ఒక పల్చటి పొర మాత్రమే, అయస్కాంతం దాని గుండా లోపలి ఇనుమును లాగుతుంది. ఈ మాట నేను చెప్పలేదు. మూత అంచున రంగు రాలిన చోటును ఒక బాబు గోటితో గీకి, “లోపల ఇనుముంది, పైన రంగుంది” అని తన గుంపుకు తానే చెప్పాడు.

అసలు చర్చ షార్పెనర్ దగ్గర జరిగింది. దాని ఒళ్లంతా బూడిదరంగు లోహమే. అయస్కాంతాన్ని పక్కన ఆనిస్తే ఏమీ జరగదు. పైకి తిప్పి బ్లేడు దగ్గరికి తెస్తే టక్కున అంటుకుంటుంది. ఇద్దరు పిల్లలు ఒకే షార్పెనర్ గురించి రెండు వేరు మాటలు చెబుతూ వాదించుకున్నారు, ఇద్దరూ తాము చూసినదే చెబుతున్నారు. నేను భూతద్దం ఇచ్చి, అంటుకున్న చోటు, అంటుకోని చోటు వేలితో చూపమన్నాను. బ్లేడు, దాన్ని బిగించిన చిన్న స్క్రూ ఉక్కువి. మిగతా దిమ్మె అల్యూమినియం లాంటి తేలికైన లోహం. “టీచర్, దీన్ని ఏ కాగితం మీద పెట్టాలి?” అని అడిగారు. మూడవ కాగితం ఒకటి ఇచ్చి పేరు వారినే పెట్టుకోమన్నాను. వారు దాని మీద “కొంచెం భాగం” అని రాశారు. వెంటనే మరో గుంపు తమ పెన్సిల్ తెచ్చి, చివర రబ్బరును పట్టి ఉంచే లోహపు రింగును పరీక్షించింది. అది అంటుకోలేదు. తరువాత సంచి జిప్పులు, నోటు పుస్తకాల తీగలు, కుర్చీ స్క్రూలు వచ్చాయి. ఒక వస్తువును కాక, ఆ వస్తువులోని పదార్థాన్ని పరీక్షించడం అక్కడి నుంచి మొదలైంది. వర్గీకరణ ట్రేలో ఒక్క వస్తువే ఉంచుకోవలసి వస్తే నేను షార్పెనర్‌ను ఉంచుకుంటాను.

మూడవ తరగతి: మొదటి పందెం

అర మీటరు పొడవున్న ట్రాక్ కోసం ఒక మిల్లీమీటరు మందం ఉన్న గట్టి అట్టలు రెండు తీసుకుని, మధ్యలో ఒకదాని అంచు మీదికి మరొకటి రెండు సెంటీమీటర్లు ఎక్కించి టేపు వేశాను. కింద చేయి దూరేలా రెండు చివరలా చెక్క దిమ్మెలు పెట్టాను. రెండు వరుసలు గీశాను, ఒక్కోటి 4 సెంటీమీటర్ల వెడల్పు. పైన క్లిప్పు, కింద అయస్కాంతం, “మొదలు” అనగానే ఇద్దరూ కదపాలి.

మొదట ఎదురైన ఇబ్బంది వరుసల వెడల్పు. ఇద్దరి చేతులూ పక్కపక్కకు రాగానే అట్ట కింద రెండు అయస్కాంతాలూ ఒకదానికొకటి అతుక్కున్నాయి, పైన రెండు క్లిప్పులూ ఒకే చోటికి చేరాయి. వరుసల మధ్య దూరాన్ని 15 సెంటీమీటర్లకు పెంచిన తరువాత అది ఆగిపోయింది. రెండవది దండాయస్కాంతాన్ని పట్టుకునే తీరు. పిల్లలు దాన్ని అట్టకు సమాంతరంగా పడుకోబెట్టి ఆనించారు. దండం మధ్య భాగంలో లాగే శక్తి బాగా తక్కువ, అది రెండు చివరల్లోని ధ్రువాల దగ్గరే ఎక్కువగా ఉంటుంది. కనుక క్లిప్పు మధ్యలో నిలవకుండా ఏదో ఒక చివరకు గెంతుతూ పోయింది. దండాన్ని నిలబెట్టి ఒక చివరను అట్టకు ఆనించమన్నాక క్లిప్పు దానితోనే నడిచింది.

మూడవది ఎందుకో తెలుసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. పందెం తరువాత పందెం, దండాయస్కాంతంతో నడుస్తున్న క్లిప్పు ట్రాక్ సగం దాటగానే ఒకే చోట ఆగిపోయింది. పిల్లలు తమ చేయి తడబడిందని అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. నాలుగవసారి కూడా అదే గీత దగ్గర ఆగేసరికి ఒక పాప అట్ట కింద తల పెట్టి చూసి, “ఇక్కడ అట్ట రెండు పొరలుంది టీచర్” అంది. అది నేను అట్టలను అతికిన చోటు. అక్కడ మందం రెట్టింపయింది, కింద అయస్కాంతం కూడా అట్ట అంచుకు తగిలి క్షణం పాటు కిందికి దిగుతోంది. అంత చిన్న దూరం పెరిగినా పాత దండాయస్కాంతం పట్టు చాలడం లేదు. ట్రాక్‌ను ఒకే అట్టతో మళ్లీ చేశాను, కాని ఆ పాప కనిపెట్టినదాన్ని అక్కడితో వదలలేదు. తరువాతి తరగతి దాని మీదే నడిచింది.

నాలుగవ తరగతి: కార్డుల దొంతర

ఒకే మందం ఉన్న పాత కార్డులు తీసుకున్నాం. పది కార్డులను పేర్చి స్కేలుతో కొలిస్తే 3 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే ఒక్కో కార్డు 0.3 మిల్లీమీటర్లు. ఈ వయసు వారికి దశాంశాలు అక్కరలేదు, వారు కార్డులనే లెక్కపెట్టారు. పద్ధతి ఇది: కార్డు మీద క్లిప్పు, కింద అయస్కాంతం. కార్డు పొడవునా అయస్కాంతాన్ని నెమ్మదిగా జరపాలి. క్లిప్పు చివరిదాకా వెంట వస్తే మరో ఐదు కార్డులు చేర్చాలి. రాకపోతే ఇంకా రెండుసార్లు ప్రయత్నించి, మూడింటిలో రెండుసార్లు విడిపోతే అక్కడ ఆపాలి. ఒక గుంపు తొందరలో మేకును కూడా పరీక్షించబోతే, ఈ పూట క్లిప్పు మార్చకూడదని మిగతావారే ఆపారు.

మొదలుపెట్టే ముందు ఏది గెలుస్తుందని అడిగాను. దండం పొడవుగా ఉంది కనుక అదే బలమైనదని దాదాపు అందరూ చెప్పారు. నల్లబిళ్ల 25 కార్డుల దాకా క్లిప్పును లాగింది, 30కి వదిలేసింది. పాత దండం 5 కార్డులకు నిలిచింది, 10 దగ్గర విడిచిపెట్టింది. పరిమాణాన్ని బట్టి బలం చెప్పలేమని పిల్లలకు ఆ లెక్కే చూపింది. ఆ దండాలు ఏళ్ల తరబడి ఎలా పడితే అలా పెట్టెలో కలిసి ఉన్నవి, కింద పడి దెబ్బలు తిన్నవి. అయస్కాంతాలు అలా బలం కోల్పోతాయి.

మధ్యలో ఒక చిక్కు వచ్చింది. ఒక బాబు తన క్లిప్పు కొనతో గుండుసూదిని పైకి లేపి, “నా క్లిప్పే అయస్కాంతమైంది” అన్నాడు. అతను చెప్పినది నిజం. ఉక్కు క్లిప్పును అయస్కాంతం మీద మళ్లీ మళ్లీ రుద్దుతుంటే కొంత అయస్కాంతత్వం దానిలో మిగిలిపోతుంది. అతన్ని మెచ్చుకుని, ఆ క్లిప్పును వేరే డబ్బాలో దాచుకోమన్నాను. అయితే అలాంటి క్లిప్పు పరీక్షలో కలిస్తే ఫలితాలు కలగాపులగం అవుతాయి. అయస్కాంతం కాని క్లిప్పు ఏ ధ్రువం దగ్గరికైనా వెళ్లి అంటుకుంటుంది. తానే కొంత అయస్కాంతమైన క్లిప్పు ఒక ధ్రువం వైపు కాస్త ఎక్కువగా, మరో ధ్రువం వైపు కాస్త తక్కువగా స్పందించవచ్చు. అందుకని ప్రతి తరగతికి ముందు ఒక్కో క్లిప్పును ఒక గుండుసూది దగ్గరికి తెచ్చి చూస్తున్నాను. సూదిని కదిపిన క్లిప్పును ఆ రోజు పక్కన పెడుతున్నాను.

ఐదవ తరగతి: పందెం మళ్లీ

మొదటి పందెంలో గెలిచినవారి అయస్కాంతం బలమైనదని పిల్లలు అనుకున్నారు. కాని గెలిచినది చాలాసార్లు నిదానమైన చేయి. చేతిని విసురుగా లాగిన పిల్లల క్లిప్పు వెనకబడి పోయింది. ఇందులో కారణం సరళమైనది: క్లిప్పు కదలాలంటే అట్ట రాపిడిని దాటాలి, ఆగి ఉన్నది వేగం అందుకోవాలి. అయస్కాంతం ఒక్కసారిగా ముందుకు వెళ్లితే వాటి మధ్య దూరం పెరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ లాగే బలం చాలా వేగంగా తగ్గుతుంది, దానితో క్లిప్పు ఇంకా వెనకబడుతుంది. ఒకసారి తప్పిపోయిన క్లిప్పు తనంతట తాను మళ్లీ అందుకోకపోవడానికి ఇదే కారణం.

ఈసారి రెండు వరుసలలోనూ నల్లబిళ్లలే వాడాం. ఒక వరుస ట్రాక్ మాత్రమే, రెండవ వరుస మీద 15 కార్డుల దొంతరలను వరుసగా పరిచాం. దొంతరలు కలిసే చోట మెట్టు రాకుండా కార్డులను ఇటుకల వరుసలా ఒకదాని మీద ఒకటి తప్పించి పేర్చాం, లేకపోతే మూడవ తరగతిలోని చిక్కే మళ్లీ వచ్చేది. క్లిప్పు విడిపోతే మొదటి గీత దగ్గరికి తిరిగి రావాలి. ప్రతి పందెం తరువాత ఇద్దరూ వరుసలు మార్చుకోవాలి, లేకపోతే గెలుపు చేతిదో అట్టదో చెప్పలేం. ప్రతి వరుసలోనూ 12 పరుగులు జరిగాయి. ఖాళీ వరుసలో క్లిప్పు ఒక్క పరుగులోనే విడిపోయింది, కార్డుల వరుసలో 7 పరుగులలో విడిపోయింది. బల్ల మీద క్లిప్పులనే రెండు వరుసలుగా పేర్చి ఆ లెక్కను చూపాం. ఒక క్లిప్పు, దాని పక్కన ఏడు క్లిప్పులు. ఎవరూ ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు.

అప్పుడు ఒక బాబు అడిగిన ప్రశ్నను డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: “అట్ట అయస్కాంతాన్ని ఆపుతోందా, లేక దూరమైందని ఆగుతోందా?”

ఆరవ తరగతి: తేలే క్లిప్పు

ఆ ప్రశ్నకు జవాబు ట్రాక్ మీద దొరకదు, ఎందుకంటే అక్కడ కార్డులు పెరిగినప్పుడల్లా దూరం కూడా పెరుగుతుంది. రెండింటినీ విడదీయాలి. ఒక చెక్క స్టాండు చేయికి నల్లబిళ్లను కిందివైపు కట్టాను. క్లిప్పుకు దారం కట్టి, దారం రెండవ కొనను బల్లకు టేపుతో అంటించాను. దారం పొడవును కొద్దికొద్దిగా సర్దుతూ పోతే క్లిప్పు బిళ్లను తాకకుండా, దారాన్ని బిగిలాగి గాలిలో నిలిచింది. రెండింటి మధ్య ఒక వేలు దూరేటంత కూడా ఖాళీ లేదు, కాని పది కార్డులు సులువుగా పడతాయి. పిల్లలు ఊపిరి బిగపట్టి చూశారు, ఎందుకంటే ఊదితే క్లిప్పు ఊగుతోంది.

ఖాళీలోకి ముందు ఒక కార్డు, తరువాత పది కార్డులు నెమ్మదిగా తోశాం. క్లిప్పు కదలలేదు. ప్లాస్టిక్ స్కేలు, అల్యూమినియం రేకు, పల్చటి చెక్క పుల్ల కూడా పెట్టి చూశాం. క్లిప్పు అలాగే నిలిచింది. దూరం మారలేదు, కనుక అట్ట అడ్డు పడినా పట్టు తగ్గలేదు. ప్రశ్న అడిగిన బాబు తానే, “దూరమే” అన్నాడు.

ఆఖరున వర్గీకరణ ట్రేలోని ఎర్ర మూతను తీసుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, బిళ్లకు తగలకుండా, మధ్యలోకి జరిపాను. మూత సగం దూరిందో లేదో క్లిప్పు టప్పున కింద పడింది. మూతను తీసి, క్లిప్పును మళ్లీ నిలబెట్టి, ముగ్గురు పిల్లలతో అదే చేయించాను. మూడుసార్లూ పడింది. అయస్కాంతం ప్రభావం గాలిలో కన్నా ఇనుములో సులువుగా ప్రసరిస్తుంది, అందువల్ల చాలా భాగం మూత లోపలి నుంచే తిరిగి వెళ్లిపోతుంది, అవతల ఉన్న క్లిప్పుకు కొద్దిగానే మిగులుతుంది. పిల్లలకు ఇంత చెప్పలేదు. మూత కూడా ఇనుమే కదా, అయస్కాంతం దాన్ని పట్టుకుంది, క్లిప్పుకు చాలలేదని వారు చెప్పుకున్న మాటను బోర్డు మీద రాశాను. అత్యంత బలమైన అయస్కాంతమూ, మరీ పల్చటి రేకూ అయితే కొంత ప్రభావం అవతలికి వెళ్లి క్లిప్పు పడకపోవచ్చు, కనుక తరగతికి ముందే ఏ మూత పనిచేస్తుందో చూసి పెట్టుకోవాలి.

మొదటి రోజు రాగి అంటుకుందని చెప్పిన పాప బీరువా దగ్గరికి వెళ్లి, నేను తీసేసిన స్టీలు ట్రేలలో ఒకటి తెచ్చింది. దాన్ని దిమ్మెల మీద పెట్టి, పైన క్లిప్పు, కింద అయస్కాంతం ఉంచి పందెంలో లాగా జరపబోయింది. అయస్కాంతం ట్రే అడుగుకు అతుక్కుని కదలడానికే బలవంతం చేయవలసి వచ్చింది, పైన క్లిప్పు మాత్రం ఉన్న చోటే ఉండిపోయింది. అదే పాప మరో ట్రే తెచ్చి మళ్లీ ప్రయత్నించింది. ఈసారి అయస్కాంతం అతుక్కోలేదు, క్లిప్పు అట్ట ట్రాక్ మీద లాగానే నడిచింది. ఆరింటినీ ఇలాగే పరీక్షించి, వాటిని మా ట్రే కాగితాల మీదే వర్గీకరించింది: “అంటుకుంటుంది” మీద నాలుగు, “అంటుకోదు” మీద రెండు.

తరగతి ముగిశాక దండాలను జతలుగా సర్దాం. ఒకదాని ఉత్తర ధ్రువం పక్కన మరోదాని దక్షిణ ధ్రువం వచ్చేలా ఉంచి, మధ్యలో చెక్క పుల్ల, రెండు చివరలా మెత్తటి ఇనుప ముక్కలు పెట్టాం. మిగిలిన బలమైనా నిలవాలంటే ఇలా ఉంచడం అవసరం. నల్లబిళ్లలను వాటి పిడులతో మరో అరలో పెట్టాం. పిల్లలు గట్టిగా పన్నెండు దాకా లెక్కపెట్టిన తరువాత మూత వేశాను.